ఒక్క తువ్వాల, మూడు మలుపులు

వేములవాడ పక్కనున్న హన్మాజీపేట పేరు చెప్తే అందరికీ సినారె గుర్తొస్తారు. నాకు మాత్రం ముందు మిద్దె రాములే గుర్తొస్తాడు. 1990లో మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభల దాకా ఒగ్గు డోలు మోగించి వచ్చిన మనిషి! ఒగ్గు అంటే శివుడి డమరుకమని, మల్లన్న బీరప్పల కథలతో పుట్టిన కళ అని పెద్దలంటారు. ఆ పుట్టుపూర్వోత్తరాలు పండితులు చూసుకుంటారు. నేను చెప్పేది ఒగ్గులోని పనితనం గురించి. అందులో తెర ఉండదు, వేషం మార్చుకునే గది ఉండదు. కథకుడు భుజం మీది బట్టను తలకు చుడితే రాజు, కొంగులా కప్పుకుంటే ఎల్లమ్మ, రెండు చేతుల్లోకి తీసుకుంటే పసిబిడ్డ. పక్కనుండే వంతగాడు ఊరికే తాళం వేయడు. "ఎందుకట్ల జేసిండు?" అని కథను ఆపి అడుగుతాడు.

చరిత్ర పాఠాన్ని నాటకంగా చెప్పాలంటే ఇంతకు మించిన పద్ధతి నాకు కనిపించలేదు. మా దిక్కు ఒక సోషల్ సారు తొమ్మిదో తరగతికి అనభేరి ప్రభాకరరావు దళం కథను ఇట్లనే చెప్పించాడు. భూస్వామి కుటుంబంలో పుట్టిన అనభేరి నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి పటేల్ పట్వారీల దస్త్రాలు తగలబెట్టించాడు. 1948 మార్చి 14న మహమ్మదాపురం గుట్టల్లో సహచరులతో కలిసి ప్రాణాలు వదిలాడు.

సారు కథ మొత్తాన్ని ఎత్తుకోలేదు, మూడు మలుపులే తీసుకున్నాడు. రైతు కౌలు కట్టినా రసీదు దొరకని పూట ఒకటి. దస్త్రాల మూట ఊరి నడుమకు వచ్చిన రాత్రి రెండోది. గుట్టల్లో దాగినవాళ్లకు సద్ది పంపాలా వద్దా అని ఒక ఇల్లు తర్జనభర్జన పడిన పొద్దు మూడోది. మూడింటిలోనూ ఒక మనిషి ముందు రెండు దారులున్నాయి. ఎటు పోవాలో తేలని చోటు లేకపోతే అది మలుపు కాదు, సంఘటన మాత్రమే.

పిల్లలకు మాటలు రాసివ్వలేదు. ఒక్కొక్కరికి ఒక చీటీ ఇచ్చాడు. నీకు తెలిసిందేమిటి, నీ భయమేమిటి అని రెండు వాక్యాలు మాత్రమే ఉంటాయి అందులో. పట్వారీ చీటీలో 'ఏ చెలక ఎవరిదో ఈ ఊళ్లో నీకొక్కడికే రాతపూర్వకంగా తెలుసు. మూట పోతే నీ మాటకు విలువ లేదు' అని ఉంది. అనభేరి వేషం ఎవరికీ ఇవ్వలేదు. నిజంగా బతికిన మనిషి నోట మనం కల్పించిన మాటలు పెట్టకూడదని సారు పట్టుదల. ఆయన గురించి కథకుడు చెప్తాడంతే. ఆడేది పేరులేని రైతులు, పట్వారీ, ఇంటి ఆడవాళ్లు.

వేషమంతా ఒక్క తువ్వాలే. భుజం మీద ఉంటే పట్వారీ. అదే తువ్వాల తీసి చంకలో పెట్టుకుంటే రైతు. దొర ముందు తువ్వాల భుజాన ఉండకూడదన్న ఆ రోజుల కట్టుబాటు ఒక్క మాట అనకుండానే తరగతికి తెలిసిపోయింది. రెండో మలుపులో పట్వారీగా ఉన్న అమ్మాయి పుస్తకాల మూటను రొమ్ముకు అదుముకుని కూర్చుంది. రైతు అగ్గిపెట్టె తీసినట్టు చెయ్యి ఎత్తాడు. డోలు దెబ్బ పడింది, అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. అప్పుడు వంతపిల్లలు, అంటే మిగిలిన తరగతంతా, అడగడం మొదలుపెట్టారు. "ధాన్యం బస్తాలు పక్కనే ఉన్నయి గదనే, అవి వదిలి కాయితం కాలుస్తవెందుకే?" రైతు పిల్లాడు కాసేపు తడుముకున్నాడు. "బస్తా మళ్లీ గుంజుకపోతడు. కాయితం ఉంటే నా కొడుకును గూడ గుంజుకపోతడు" అన్నాడు. ఈ మాట ఏ చీటీలోనూ లేదు!

ఇది చెడిపోయే దారులూ చెప్పాలి. మొదటిసారి ఆడించినప్పుడు మూడో మలుపు తుపాకుల ఆటైపోయింది, పిల్లలు 'ఢాం ఢాం' అంటూ నవ్వారు. రెండోసారి సారు కాల్పులను ఆటలోంచి తీసేసి కథకుడి మాటకు వదిలాడు, సద్ది మూట కట్టే ఇంటినే ఆడించాడు. నవ్వు ఆగిపోయింది. చివర పది నిమిషాలు ప్రశ్నకు ఉంచకపోయినా పాఠం పోయినట్టే. ఆ దస్త్రాల నకలు ఇంకో కచేరీలో ఉంటే కాల్చి లాభమేమని అడగాలి. 'దొర చెడ్డోడు' అని మాత్రమే జవాబు వస్తే పిల్లలకు నాటకం అందింది గానీ చరిత్ర అందలేదని అర్థం.

మరి ఇప్పుడు వార్షికోత్సవాల్లో ఏం జరుగుతోంది? అద్దె కిరీటాలు, అట్టముక్క కత్తులు, స్పీకర్లో ఎవరిదో గొంతు, దానికి పెదవులు కదిపే పిల్లలు. నలుగురు వేదిక మీద, మిగతావాళ్లు కుర్చీల్లో. ఎవరూ ఎవరినీ ఒక్క ప్రశ్న అడగరు. దీన్ని రోల్‌ప్లే అని పిలుస్తుంటే నా కడుపు రగిలిపోతుంది. మన ఊళ్లలో డోలు పట్టిన ఒగ్గు పెద్దలు ఇంకా ఉన్నారు. అయ్యా సార్లూ, అమ్మా టీచర్లూ, ఆ అద్దె డబ్బులతో వాళ్లలో ఒకరిని ఒక్క పూట బడికి పిలవండి. కథ చెప్పమని అడగొద్దు. వంతగాడు ఎక్కడ ఆపుతాడో, ఎట్లా అడుగుతాడో పిల్లలకు చూపించమనండి.