తొంభై రోజుల లెక్క

బ్రిటన్‌లో ఉద్యోగం ఖాయమైన మా మేనకోడలు, అక్కడి హెచ్‌ఆర్‌కు రాసిన మెయిల్‌ను పంపేముందు నాకు చూపించింది. హెచ్‌ఆర్‌లో చాలాకాలం చేసి బయటికొచ్చినవాణ్ణి కనుక మా ఇంట్లో ఇలాంటివన్నీ నా దగ్గరకే చేరతాయి. మొదటి పేరాలో కృతజ్ఞతలు, రెండో పేరాలో ఆనందం, మూడో పేరాలో 'జాయినింగ్ ఫార్మాలిటీస్ తెలియజేయగలరు'. మెయిల్ మొత్తంలో తేదీ ఒక్కటీ లేదు.

"నీ నోటీస్ పీరియడ్ ఎంత?" అన్నాను.

"తొంభై రోజులు మావయ్యా. అది ఇక్కడి ఆఫీసుతో నేను పడాల్సిన గొడవ కదా, వాళ్లకెందుకు?"

వాళ్లకే ముందు కావాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌లో పని మొదలుపెట్టే తేదీ ఒకటి రాస్తారు. ఆ తేదీకి మూడు నెలలకన్నా ముందు వీసాకు దరఖాస్తు చేయడానికి లేదు. వీసా అప్పటికే వచ్చేసి ఉంటే, ఆ తేదీ నుంచి 28 రోజుల్లోగా మనిషి పనిలో చేరాలి. చేరకపోతే కంపెనీ స్పాన్సర్‌షిప్ ఆపేయాలి, లేదా ఆలస్యానికి సరైన కారణం చూపిస్తూ పది పనిదినాల్లో హోమ్ ఆఫీస్‌కు తెలపాలి. మన వైపు చూస్తే, వీసా చేతికి రాకుండా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలదు. చాలకపోవడమే మంచిది.

కాగితం మీద లెక్క వేశాం. సర్టిఫికెట్‌లో జూన్ 1 అని ఉందనుకుందాం. దరఖాస్తు మార్చి 1న పెట్టొచ్చు. వేలిముద్రలు మార్చి 5న ఇస్తే, మామూలు పద్ధతిలో నిర్ణయానికి మూడు వారాలు, అంటే మార్చి 26. మర్నాడు రాజీనామా ఇస్తే తొంభై రోజులు నిండేది జూన్ 25న. గడువు జూన్ 29. ల్యాప్‌టాప్ అప్పజెప్పి, విమానం ఎక్కి, అక్కడ పనిలో కూర్చోవడానికి మిగిలేది నాలుగు రోజులు. వీసా ఒక్క వారం ఆలస్యమైతే అదీ లేదు.

"అయితే చేరే తేదీని జులై 1కి మార్చమంటా" అంది. చాలామందికి మొదట తట్టేది ఇదే, ఇందులో లాభం లేదు. చేరే తేదీ నెల జరిగితే దరఖాస్తు తేదీ కూడా నెల జరుగుతుంది, రాజీనామా దాని వెనకే నడుస్తుంది. మళ్లీ మూడు రోజులే చేతిలో మిగులుతాయి. వీసా కోసం ఆగే రోజులు తగ్గాలి, లేదంటే నోటీస్ తగ్గాలి.

నోటీస్ తగ్గించడం అంటే మిగిలిన రోజుల జీతం కట్టి బయటపడటం. దానికి ఇక్కడి మేనేజర్ ఒప్పుకోవాలి, ఒప్పుకుంటాడో లేదో రాజీనామా ఇచ్చేదాకా తెలియదు. వీసా వైపు దారి సులువు. ప్రయారిటీ సర్వీస్‌కు అదనంగా 500 పౌండ్లు కడితే నిర్ణయం సాధారణంగా ఐదు పనిదినాల్లో వస్తుంది. అప్పుడు రాజీనామా మార్చి రెండో వారంలోనే ఇవ్వొచ్చు, జూన్ రెండో వారానికల్లా ఇక్కడి నుంచి విడుదల. ఆ 500 ఎవరు కడతారన్నది మెయిల్‌లో అడగాల్సిన అసలు ప్రశ్న. మనవాళ్లు దీన్ని అడగడానికి మొహమాటపడతారు. అడిగితే కాదంటారేమో గానీ ఆఫర్ వెనక్కి తీసుకోరు.

పాత మెయిల్ పక్కన పెట్టి మళ్లీ రాసింది. 'నా నోటీస్ తొంభై రోజులు, వీసా వచ్చాకే రాజీనామా ఇస్తాను. సర్టిఫికెట్‌లో జూన్ 1 వేస్తే, మామూలు వీసాతో నేను జూన్ 26కి ముందు బయల్దేరలేను. ప్రయారిటీ సర్వీస్‌తో జూన్ 15కు చేరగలను. ఆ ఖర్చు కంపెనీ భరిస్తుందా? ఆలస్యమైతే, నోటీస్ పూర్తి చేయాల్సి రావడాన్ని కారణంగా హోమ్ ఆఫీస్‌కు తెలపగలరా?' నోటీస్ పూర్తి చేయడం హోమ్ ఆఫీస్ మార్గదర్శకాల్లో ఒప్పుకున్న కారణాల్లో ఒకటి. అవతల హెచ్‌ఆర్ మనిషికి అది గుర్తుండొచ్చు, ఉండకపోవచ్చు. గుర్తుచేస్తే తప్పేం లేదు.

చివర రెండు వాక్యాలు నేను చేర్పించాను. మొదటిది పేరు గురించి. డిగ్రీ పట్టాలో తన ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఆఫర్ లెటర్‌ను పట్టా చూసి తయారుచేశారు. సర్టిఫికెట్ జారీ అయ్యాక దిద్దించడం కన్నా, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయమని ఇప్పుడే చెప్పడం మేలు. రెండోది, కొత్తగా చేరేవాళ్లను వాళ్లు అడిగే P45 గురించి. అది బ్రిటన్‌లోని పాత యజమాని ఇచ్చే పన్ను కాగితం. తనకు అక్కడ పాత యజమాని లేడు కనుక స్టార్టర్ చెక్‌లిస్ట్ నింపుతానని రాయించాను.

రెండు రోజులకు జవాబొచ్చింది. ప్రయారిటీ ఖర్చు కంపెనీదే. మొదటి రోజు పనికి ముందు ఉద్యోగార్హత తనిఖీకి ఈ-వీసా షేర్ కోడ్ పంపమన్నారు. పాస్‌పోర్టు స్కాన్ మళ్లీ అడిగారు, ముందు పంపినదాంట్లో ఇంటిపేరు ఉన్న గీత మసకగా పడిందట.