ఆప్షన్‌ను చెడగొట్టే ఒక్క మాట

ఐఈఎల్‌టీఎస్‌కు చదివే పిల్లల దగ్గర నేను తరచూ వినే మాట ఇది: "సార్, రెండు మిగిలాయి. రెండూ కరెక్టే అనిపిస్తున్నాయి." ఒక్క జవాబే అడిగిన ప్రశ్నకు రెండు సరైనవి ఉండవు. కరెక్టులా కనిపించే తప్పు ఆప్షన్‌లో ఏదో ఒక మాట పాసేజీకి అడ్డం తిరుగుతుంది. దాన్ని పట్టుకోవడమే అసలు పని.

క్లాసులో నేను రాసిచ్చే ఒక చిన్న పాసేజీ చూడండి. ఒక లైబ్రరీ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచడం మొదలుపెట్టింది. సిబ్బంది ఖర్చు పెరిగింది. ఇంటికి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య మారలేదు. కానీ పగలు ఉద్యోగాల వల్ల ఎప్పుడూ రాలేకపోయిన కొందరు వచ్చి చదువుకోసాగారు. ప్రశ్న: వేళలు పెంచడం వల్ల పాఠకుల్లో వచ్చిన మార్పేమిటి?

ఏ: ఎక్కువ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్తున్నారు. బి: ఉద్యోగులంతా రావడం మొదలుపెట్టారు. సి: కొత్తవాళ్లు కొందరు వస్తున్నారు. డి: సిబ్బంది ఖర్చు పెరిగింది.

'ఏ'లో "ఎక్కువ" తప్పు, పాసేజీ మారలేదంది. 'బి'లో చెడింది "అంతా" ఒక్కటే; పాసేజీలో ఉన్నది "కొందరు". ఎక్కువమంది జారిపడేది 'డి' దగ్గర. అది అక్షరాలా నిజమే, కానీ అడిగింది పాఠకుల గురించి. అందుకే ఆప్షన్‌ను పాసేజీతో పోల్చాక, మళ్లీ ప్రశ్నతోనూ పోల్చాలి. "అందరూ", "ఎప్పుడూ" అని ఉన్న ఆప్షన్లన్నీ తప్పని కొట్టేయకూడదు. పాసేజీయే అలా చెప్పి ఉంటే అదే జవాబు.

లిజనింగ్‌లో చిక్కు వేరు. ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది, చాలాసార్లు మూడు ఆప్షన్ల ప్రస్తావనా అందులో వస్తుంది. ప్రాజెక్టుకు చెరువుల అంశం ఎందుకు ఎంచుకున్నావని అడిగితే ఒక విద్యార్థిని ఇలా అంటుందనుకోండి: "ప్రొఫెసర్ నదుల మీద చేయమన్నారు. చెరువుల మీద సమాచారం తేలిగ్గా దొరుకుతుందనుకున్నా, కానీ దొరకలేదు. అసలు మా ఊరి చెరువు ఎండిపోవడం చూశాకే నిర్ణయించుకున్నా." ప్రొఫెసర్, సమాచారం, ఊరి చెరువు మూడూ చెవిన పడ్డాయి. మొదటిది ఆమె ఒప్పుకోని సలహా, రెండోది నెరవేరని ఆశ. కారణం మూడోది. విన్న మాట ఆప్షన్‌లో కనబడగానే టిక్కు పెట్టిన వాళ్లు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతారు. ఇంగ్లిష్‌లో "బట్", "యాక్చువల్లీ" వినబడ్డాయంటే మాట మలుపు తిరుగుతోందని అర్థం. వాక్యం పూర్తయ్యేదాకా పెన్ను ఆపాలి.

ఎంత వెతికినా తేలకపోతే ఖాళీ వదలొద్దు. ఈ పరీక్షలో తప్పుకు మార్కు కోయరు. ఇంట్లో సాధన చేసేటప్పుడు మాత్రం సరైన జవాబుకు టిక్కు పెట్టి ఊరుకోకండి. కొట్టేసిన ప్రతి ఆప్షన్‌లోనూ చెడిన మాట కింద గీత గీయండి. గీత ఎక్కడ గీయాలో తెలియకపోతే, ఆ ప్రశ్న మీకింకా రాలేదన్నమాటే.