‘భూమి పోయినాక’ అని అడిగితే

పావగడ తాలూకా కర్ణాటకలో ఉంది గానీ, చుట్టూ మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ పల్లెలే. కాగితాలు కన్నడంలో నడుస్తాయి, అరుగుల మీద మాటలు ఎక్కువగా తెలుగులో నడుస్తాయి. ఇక్కడి తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల మీద సోలార్ పార్కు లేచింది. 2018 మార్చిలో మొదలై, తర్వాత 2,050 మెగావాట్లకు పెరిగింది. భూమిని కొనకుండా రైతుల దగ్గర గుత్తకు తీసుకోవడం దీని ప్రత్యేకత. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టారు.

దీనివల్ల ఊళ్లో ఏం మారిందో తెలుసుకోవాలంటే మెగావాట్ల లెక్క సరిపోదు, మనుషులతో మాట్లాడాలి. మాట్లాడింది రికార్డు చేసి, ఉన్నదున్నట్టు రాసుకొని, ఆ రాతలోంచి అర్థం తీయాలి. దీనికి ఎక్కువమంది వాడే పద్ధతి థీమాటిక్ ఎనాలిసిస్. వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2006లో దీన్ని ఆరు దశలుగా వివరించారు. ఆరింటినీ అప్పజెప్పడం కంటే ఒక చిన్న ముక్కను పట్టుకొని చూస్తే పని తెలుస్తుంది. కింది మాటలు ఎవరివీ కావు, పద్ధతి చూపడానికి అక్కడి వాడుకలో నేనే కూర్చాను. భూమి గుత్తకిచ్చిన ఒక నడివయసు ఆమె చెప్పిందనుకుందాం:

“చేనున్నప్పుడు వానకోసం చూస్తా ఉంటిమి. ఇప్పుడు వాన వచ్చినా రాకున్నా ఒకటే, దుడ్డు బ్యాంకులో పడతాది. అయితే పొద్దున లేస్తే యాడికి పోవల్ల? గొర్రెలు అమ్మేసినాం, మేపేకి బీడు లేదు.”

ముందు రికార్డింగు వింటూ రాత మీద రెండు మూడు సార్లు చూపు నడిపించాలి. ‘యాడికి పోవల్ల’ దగ్గర నవ్విందా, ఆగిందా అన్నది కూడా పక్కన రాసుకోవాలి. ఈ దశ దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. గంట మాటను కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి, ఆ పని ఇంకెవరికైనా అప్పగించి నేరుగా కోడింగుకు కూర్చుంటారు. అప్పుడు ఆ నవ్వు లెక్కలోకి రాదు.

కోడింగ్ అంటే మాటల పక్కన చిన్న పేరు రాయడం. పై ముక్కకు నేనైతే నాలుగు రాస్తాను: ‘వాన బెంగ తీరడం’, ‘దుడ్డు నిలకడగా పడటం’, ‘పొద్దున లేచి పోయే చోటు లేకపోవడం’, ‘బీడు పోయి గొర్రెలు అమ్మడం’. కోడ్‌లో ఒక క్రియ, వీలైతే ఆమె మాటే ఉండాలి. ‘ఆదాయం’, ‘పశువులు’ అని రాసి ఊరుకుంటే అవి దస్త్రానికి అట్ట మీద పేర్లవుతాయి. ఆదాయం గురించి ఏమన్నదో రేపు మళ్లీ వెతుక్కోవాలి.

ఇదే ముక్కను, భూమి గుత్తకివ్వడం అన్యాయమని నమ్మి వచ్చినవారి చేతిలో పెట్టండి. ‘జీవనాధారం కోల్పోవడం’ అని మొత్తానికీ ఒకే కోడ్ వేస్తారు, వాన బెంగ తీరిన సంగతి కనబడకుండా పోతుంది. సోలార్ మేలే చేసిందని నమ్మినవారు ‘స్థిర ఆదాయం’ అని రాసి గొర్రెల్ని వదిలేస్తారు. ఇద్దరూ అబద్ధం రాయలేదు. తమకు అక్కరలేనిదాన్ని చదవలేదు, అంతే.

కాబట్టి ఊరికి బయల్దేరకముందే ‘నాకు ఏం దొరుకుతుందని అనుకుంటున్నాను’ అని ఒక పేజీ రాసి, తేదీ వేసి పెట్టుకోవాలి. చివర్లో దొరికిందంతా ఆ పేజీతో సరిపోతే సంతోషించకుండా అనుమానించాలి. మన ఊహలు ప్రశ్నల్లోనూ దొరికిపోతాయి. నేర్చుకునే రోజుల్లో నేను వేరే ఊళ్లో ‘భూమి పోయినాక ఎట్లుంది?’ అని అడుగుతూ పోయాను. ఆరో ఇంట్లో ఒక పెద్దాయన ‘పోలేదప్పా, గుత్తకిచ్చినా’ అని దిద్దాడు. అంతకు ముందరి అయిదు ఇళ్లలో వచ్చిన ‘పోయింది’లు ఎన్ని వాళ్లవో, ఎన్ని నావో ఇప్పటికీ చెప్పలేను. ‘చేను గుత్తకు ఇయ్యకముందు ఒక రోజు ఎట్ల గడిచేది, ఇప్పుడు ఎట్ల గడుస్తాది?’ అని అడిగితే ఆ చిక్కు ఉండదు.

ఎవరిని అడిగామన్నదీ ముఖ్యమే. గుత్త డబ్బు అందేవారి జాబితా పట్టుకొని తిరిగితే భూమి లేనివాళ్లు ఆ జాబితాలో ఉండరు. కాయలు వలిచే కూలీకి పోయిన ఒకామె ‘వాళ్లకు దుడ్డు వస్తాది, మాకేం వస్తాది? ప్యానళ్లు తుడిచేకి కొందర్నే పిలుస్తారు’ అంటే (ఇదీ నేను కూర్చినదే) అది కొత్త కోడ్. మొదటి ఆమె మాటల్లో ఎంత తవ్వినా రాదు.

తర్వాత ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి సరిపోల్చడం అలవాటు. ఇందులో ఒక మోసం ఉంది. 50 ముక్కల్లో ‘పోయే చోటు లేకపోవడం’ ఎక్కడుందో ఇద్దరూ విడివిడిగా గుర్తుపెట్టారనుకోండి. చెరో 10 చోట్ల ఉందన్నారు. వాటిలో ఇద్దరికీ కలిసినవి 5, ఇద్దరూ లేదన్నవి 35. మొత్తం 40, అంటే 80 శాతం ఏకీభావం. చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ చాలాచోట్ల ఆ కోడ్ అసలు లేనేలేదు, కళ్లు మూసుకొని రాసినా 68 శాతం కలిసేది. ఆ అదృష్టాన్ని తీసేసి లెక్కగట్టే కొలతకు కోహెన్ కప్పా అని పేరు. ఇక్కడ అది 0.38 దాటదు. కోడ్‌కు రాసుకున్న వివరణ సరిగా లేదని దానర్థం. ‘చోటు లేకపోవడం’ అంటే పని లేకపోవడమా, తిరిగే నేల లేకపోవడమా? కూర్చొని తేల్చుకొని మళ్లీ చేయాలి. బ్రౌన్, క్లార్క్‌లకు మాత్రం ఈ అంకె మీద నమ్మకం లేదు. ఒకే తర్ఫీదు పొందిన ఇద్దరు ఒకేలా కోడ్ చేస్తారని మాత్రమే అది చూపుతుందంటారు. నాకు అంకె కంటే ఆ వాదులాట విలువైంది. ఏ కోడ్ ఏ రోజు ఎందుకు మారిందో నోటుబుక్కులో రాస్తే, రేపు ఇంకొకరు మన దారి వెంట నడిచి చూడగలరు.

కోడ్‌లు కుప్పపడ్డాక థీమ్‌లు. థీమ్‌లు వాటంతటవే బయటపడవు, మనం కట్టేవే. ‘గుత్త డబ్బు’ థీమ్ కాదు. ‘వాన బెంగను తీర్చిన డబ్బే రోజును ఖాళీ చేసింది’ అన్నది థీమ్, ఎందుకంటే దాన్ని కాదనవచ్చు. కాదనడానికి అవకాశం ఉన్నచోటే పరీక్ష కుదురుతుంది. రాతలన్నీ మళ్లీ తిరగేసి, రోజు ఖాళీ కానివాళ్లెవరని వెతకాలి. డబ్బుతో అంగడి పెట్టుకున్న ఒకాయన కనబడితే ‘కొందరికి’ అని వాక్యం మారుతుంది. కూలీ ఆమె దగ్గరికొస్తే డబ్బే రాలేదు, రోజు మాత్రం ఖాళీ అయింది. ఈ థీమ్‌లో ఆమెను ఇరికించకూడదు, వేరే వాక్యం రాయాలి.

రాసింది ఊళ్లో చదివి వినిపించాలని కొందరు పట్టుబడతారు. మంచిదే, కానీ అరుగు మీద అందరి ముందు చదివితే పెద్దమనిషి ఒప్పుకున్నదే ఊరంతా ఒప్పుకున్నట్టవుతుంది. కూలీ ఆమెకు విడిగా, ఆమె ఇంటి దగ్గర చదవాలి.

ఆఖరికి నివేదిక ఇంగ్లీషులో పోతుంది. ‘యాడికి పోవల్ల?’ అన్నదాన్ని ‘నిరుద్యోగం’ అనే అర్థంలోకి దించేస్తే ఇంతసేపు కాపాడుకున్నది ఆ ఒక్క మాటలో జారిపోతుంది. నేను దాన్ని తెలుగు అక్షరాల్లోనే ఉంచి, పక్కన అనువాదం రాసి, ఆ మాట దగ్గర ఆమె నవ్విందో, ఆగిందో కూడా రాస్తాను.