ఆపిందేమిటో, ఆపనిదేమిటో

2020 ఏప్రిల్ 23న కేంద్ర ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం ఒక ఆఫీస్ మెమొరాండం జారీ చేసింది. కేంద్ర ఉద్యోగులకు పెరగాల్సిన కరువు భత్యాన్ని, పెన్షనర్లకు పెరగాల్సిన కరువు సహాయాన్ని ఆపేస్తున్నామన్నది దాని సారాంశం. అందుకున్నవాళ్లెవరికీ నచ్చే కబురు కాదు. అంతకు నెలన్నర ముందే, మార్చిలో, డీఏ 17 నుంచి 21 శాతానికి పెంచుతున్నామని కేబినెట్ ప్రకటించి ఉంది. చేతిదాకా వచ్చిన డబ్బు వెనక్కి పోయింది. అయినా పొదుపు ఉత్తర్వు రాయాల్సిన వాళ్లు ఓసారి చదవదగ్గ కాగితం అది.

మొదటి పేరా చూడండి. కొవిడ్ సంక్షోభం దృష్ట్యా 2020 జనవరి నుంచి రావాల్సిన వాయిదా ఇవ్వం అంటుంది. ఆ వెంటనే, 2020 జూలై, 2021 జనవరి వాయిదాలూ ఉండవని చెప్పేస్తుంది. ఈసారికి ఒకటి ఆపి, ఆర్నెల్లకు ఇంకొకటి ఆపి, విడతలవారీగా వాత పెట్టే దారి కూడా ఉంది. ఆ దారి పట్టకుండా చెడ్డ కబురంతా ఒక్క పూటలో ముగించారు. ఆ వెనకే ఒక చిన్న వాక్యం: ఇప్పుడున్న రేటు ప్రకారం డీఏ యథాతథంగా అందుతుంది. నాకు బాగా నచ్చింది ఈ వాక్యమే. డీఏ ఆగిందనగానే మనిషికి వచ్చే మొదటి భయం ఉన్నది కూడా పోతుందేమోనని. ఆ భయం పుకారుగా మారకముందే జవాబు అందింది.

రెండో పేరాలో గడువు ఉంది. 2021 జూలై వాయిదాపై నిర్ణయం తీసుకున్నప్పుడు ఆపిన మూడు పెంపులనూ కొత్త రేటులో కలుపుతారు, కానీ ఆ పద్దెనిమిది నెలల బకాయిలు మాత్రం ఇవ్వరు. 30,000 మూలవేతనం ఉన్న ఉద్యోగికి ఇది లెక్కగట్టి చూద్దాం. ఆ మూడు పెంపులూ వరసగా 4, 3, 4 శాతం. మొదటి ఆర్నెల్లు నెలకు 1,200, తర్వాతి ఆర్నెల్లు 2,100, చివరి ఆర్నెల్లు 3,300 రూపాయలు రాకుండా పోయాయి. మొత్తం 39,600. తక్కువేం కాదు. కానీ 2021 జూలైలో డీఏ ఒక్కసారిగా 28 శాతానికి చేరింది. పోయింది పోయింది, రేటు మాత్రం చెప్పినట్టే తిరిగొచ్చింది. బకాయిలు ఇవ్వాలని ఉద్యోగ సంఘాలు అడుగుతూనే వచ్చాయి, అది వాళ్ల హక్కు. ‘తర్వాత చూద్దాం’ అని ఊరించారన్న నింద మాత్రం ఈ కాగితానికి అంటదు.

దాని పక్కన అదే ఏడాది మార్చి ఆఖరున తెలుగు రాష్ట్రాలు ఇచ్చిన జీతాల వాయిదా జీవోలు పెడితే తేడా తెలుస్తుంది. వాటిలో మెచ్చదగ్గది మెట్ల వరస. తెలంగాణ జీవోలో ముఖ్యమంత్రి, మంత్రులకు 75 శాతం, అఖిల భారత సర్వీసు అధికారులకు 60, మిగతా ఉద్యోగులకు 50, నాలుగో తరగతి వారికి 10 శాతం కోత. భారం పైనుంచి మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మంత్రులకు ఏకంగా నూరు శాతం. కానీ ఆపిన సొమ్ము ఏ తేదీకి చేతికొస్తుందో ఉద్యోగికి తెలియలేదు. ఆంధ్రప్రదేశ్ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆపిన జీతాలు, పెన్షన్లను 6 శాతం వడ్డీతో చెల్లించమంది.

అలాగని కేంద్రం మెమోలో లోపం లేదనను. కారణం ఒక్క ముక్కలో తేల్చేసింది, ఎంత ఆదా అవుతుందో, ఆ సొమ్ము దేనికి పోతుందో చెప్పలేదు. మినహాయింపుల సంగతి అంతకన్నా అన్యాయం. మూడో పేరా ఈ ఉత్తర్వు ఉద్యోగులకూ పెన్షనర్లకూ అందరికీ వర్తిస్తుందని తేల్చేసింది. ఆ పద్దెనిమిది నెలల్లోనే రిటైరయ్యేవాళ్లు కొందరుంటారు కదా! గ్రాట్యుటీ, సెలవుల నగదు లెక్కించేది చివరి నెల మూలవేతనం, డీఏల మీదే. ఇందాకటి ఉద్యోగే పూర్తి సర్వీసుతో 2021 మార్చిలో రిటైరయ్యాడనుకోండి. గ్రాట్యుటీ పదహారున్నర నెలల లెక్క. డీఏ 28కి బదులు 17గా చూస్తే నెలకు 3,300 చొప్పున 54,450 రూపాయలు ఒక్క గ్రాట్యుటీలోనే తగ్గుతాయి. సర్వీసులో ఉన్నవాడికి రేటైనా తిరిగొస్తుంది, ఇతనికి ఈ తగ్గుదల శాశ్వతం. తాత్కాలికమని రాసిన ఉత్తర్వు కొందరి విషయంలో తాత్కాలికం కాకుండా పోయేది ఇలాంటి మూలల్లోనే.

దీన్ని సరిదిద్దారు, కాస్త ఆలస్యంగా. 2021 సెప్టెంబరులో అదే విభాగం మరో మెమో ఇచ్చింది. ఆ మధ్యకాలంలో రిటైరైన వారికి గ్రాట్యుటీ, సెలవుల నగదు లెక్కల కోసం మాత్రం, రిటైరైన తేదీని బట్టి డీఏను 21, 24, 28 శాతంగా భావించమంది.