చీటీ నుంచి ఆహ్వాన పత్రం దాకా
చీమకుర్తి గ్రానైట్ ఓనరు చీటీ మీద రాసిచ్చేది ఇంతే: "చైనా పార్టీ ఇద్దరు, 5/6న వస్తారు, బ్లాకులు చూసి ఆర్డరు మాట్లాడతారు, ఖర్చులు మనవే." దీన్ని వీసా అధికారి ముందు నిలబడే ఇంగ్లీషు ఉత్తరం చేసే డీటీపీ కుర్రాడి పనితనం చూడాలి. ముందు పాస్‌పోర్టు కాపీలు అడుగుతాడు. పేర్లు అందులో ఉన్నట్టే, నంబర్లతో సహా కొడతాడు. జూన్ ఐదో, మే ఆరో అనుమానం రాకుండా నెలను అక్షరాల్లో వేస్తాడు. తర్వాత ఫోను: "ఖర్చులంటే విమానం టికెట్లు కూడానా సార్?" కాదట, బస, కారు మాత్రమే. అంతవరకే రాస్తాడు. ఓనరుగారు చేర్చమన్న క్వారీ గొప్పలు మాత్రం వదిలేస్తాడు, మంచి పని! లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీ. సంతకం పెట్టేముందు పాస్‌పోర్టు నంబరు మరోసారి సరిచూసుకోండి.