సముద్రాన్ని నిలబెట్టే చేయి

మా వీధి స్టూడియోలో ప్రింట్లు వేసే అతని పనితనం చూడాల్సిందే. విశాఖ బీచ్‌లో తీసిన ఫొటోలో సముద్రం 2 డిగ్రీలు ఒరిగింది. అతను ముందు క్రాప్‌ను 4×6 నిష్పత్తికి లాక్ చేసి, ఆ తర్వాతే ఫొటో తిప్పుతాడు. ఏటవాలుగా సాగే ఒడ్డును నమ్మడు. దూరాన నీళ్లూ ఆకాశమూ కలిసే అంచునే కొలతగా తీసుకుంటాడు. తిప్పాక ఖాళీ అయిన మూలలు కోసేస్తే 6000×4000 పిక్సెళ్లు సుమారు 5700×3800కి దిగుతాయి. 4×6కి అది చక్కగా సరిపోతుంది.

అదే ఫొటో 8×10 కావాలంటే మాత్రం పొడవులో ఇంకో 950 పిక్సెళ్లు వదులుకోవాలి. రెండు వైపులా సమానంగా కోస్తే అంచున నిలబడ్డ అమ్మమ్మ మోచెయ్యి తెగుతుంది. "ఫ్రేమ్ అంచు కూడా కాస్త మింగుతుందండీ" అంటూ అతను ఆమె పక్క చోటు వదిలి, మొత్తం కోతను ఖాళీ ఇసుక వైపే వేస్తాడు.