అవతలి మనిషి పని కూడా చెప్పండి

నేరేడ్‌మెట్ చౌరస్తా నుంచి ఇటు రామకృష్ణాపురం, అటు వాయుపురి, సైనిక్‌పురి దాకా ఏ వీధికి వెళ్లినా ఫౌజులో పనిచేసి వచ్చినవాళ్ల ఇళ్లు కనిపిస్తాయి. సిపాయిలుగా చేరినవాళ్లు చాలామంది నలభై నిండకముందే పెన్షన్ కాగితాలతో ఇంటికి వస్తారు. పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు కాబట్టి రెండో ఉద్యోగం తప్పదు. గోడౌన్‌లో సూపర్‌వైజర్, ఆస్పత్రి స్టోర్ ఇన్‌చార్జ్, ఆఫీసు బిల్డింగ్ నిర్వహణ లాంటివి వెతుక్కుంటారు. నేను చాలాకాలం నియామకాల ప్యానెళ్లలో కూర్చున్నదాన్ని. అందుకని ఇంటర్వ్యూకు ముందు ఒకసారి ప్రాక్టీస్ చేయించమని ఈ చుట్టుపక్కలవాళ్లు మా ఇంటికి వస్తుంటారు. వాళ్లు ఎక్కువగా తడబడే ప్రశ్న ఒకటుంది. "తోటి ఉద్యోగితో ఎప్పుడైనా గొడవ వచ్చిందా? వస్తే ఏం చేశారు?"

కొందరు "నాకెవరితోనూ పేచీ లేదు సార్" అని అక్కడితో ఆపేస్తారు. మర్యాదగా ఉంటుంది గానీ, మార్కులు వేసే మనిషి కాగితం మీద రాసుకోవడానికి ఏమీ మిగలదు. ఇంకొందరు మొదలుపెడితే ఆగరు. "ఆయన మొండి మనిషి, ఎవరి మాటా వినడు, పై ఆఫీసర్లకు దగ్గర" అంటూ పోతారు. అంతా విన్నాక కూడా అసలు ఏ రోజు ఏం జరిగిందో మనకు తెలియదు.

ఈ ప్రశ్నకు స్టార్ పద్ధతిలో జవాబు చెప్పమని ఇప్పుడు అన్నిచోట్లా నేర్పుతున్నారు. సిట్యుయేషన్ అంటే ఎక్కడ, ఎప్పుడు, ఏ పరిస్థితి. టాస్క్ అంటే అందులో మీ మీద ఉన్న బాధ్యత. యాక్షన్ అంటే మీరు చేసిన పనులు. రిజల్ట్ అంటే చివరికి తేలింది ఏమిటో. ఇంతవరకు అందరూ బట్టీ పడతారు. ఎవరి మీదా నింద వేయకుండా ఈ నాలుగూ ఎలా చెప్పాలన్న దగ్గరే చిక్కు పడుతుంది.

ఇలా జరిగిన సంఘటన అడిగే పద్ధతికి ఒక మూలం సైన్యంలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త అమెరికా సైనిక విమాన దళంలో పనిచేశారు. 1941లో పైలట్ శిక్షణ నుంచి తప్పించిన వెయ్యిమంది విషయంలో శిక్షకులు రాసిన కారణాలను అక్కడ పరిశీలించారు. 'స్వభావం సరిపడదు', 'వివేచన తక్కువ', 'తగినంత పురోగతి లేదు' లాంటి మాటలు చాలా ఉన్నాయి. ఆ కుర్రాడు విమానంలో ఏం చేశాడో, ఏం చేయలేకపోయాడో వాటిలో కనిపించలేదు. అందుకే ముద్రలు వద్దు, కళ్లారా చూసిన సంఘటన చెప్పండని అడిగే పద్ధతి వైపు వాళ్లు నడిచారు. దాని మీద ఫ్లానగన్ వ్యాసం 1954లో వచ్చింది. 'ఆయన మొండి మనిషి' అన్న మాట కూడా ఆ శిక్షకుల రిపోర్టుల జాతికే చెందుతుంది. అది ఒక మనిషి మీద మనం ఇచ్చిన తీర్పు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావలసింది సాక్ష్యం.

తీర్పుల్ని తీసేస్తే నింద దానంతటదే పోతుందా అంటే, సగమే పోతుంది. మిగతా సగం పోవాలంటే టాస్క్ దగ్గర ఒక వాక్యం అదనంగా చెప్పాలి. అందరూ తమ బాధ్యత ఒక్కటే చెబుతారు. అవతలి మనిషి దేనికి జవాబుదారీయో కూడా అక్కడే చెప్పాలని నేను అందరికీ గట్టిగా చెబుతాను. అది చెప్పకపోతే ఆయన చేసిన ప్రతి పనీ వినేవాళ్లకు అకారణంగా, దురుసుగా అనిపిస్తుంది. చెబితే గొడవ ఇద్దరు మనుషుల మధ్య నుంచి రెండు పనుల మధ్యకు మారుతుంది.

మొన్నామధ్య వచ్చిన ఒక మాజీ హవల్దార్ సంగతి చెబుతాను. ఫౌజులో స్టోర్స్ చూశారు. బయటికొచ్చాక మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌లో, వచ్చిన సరుకు లెక్కపెట్టి ఎంట్రీ చేసే విభాగానికి ఇన్‌చార్జ్‌గా ఉన్నారు. ఇప్పుడు ఇంకో కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జ్ ఉద్యోగానికి వెళుతున్నారు. గొడవ ప్రశ్నకు ఆయన మొదట చెప్పిన జవాబు ఇది: "డిస్పాచ్ సూపర్‌వైజర్‌కు రూల్స్ లెక్కే లేదు మేడమ్. నేను లెక్కపెట్టకముందే డబ్బాలు ఎత్తుకుపోయేవాడు. స్టాక్ తగ్గితే మాట పడేది నేను. మేనేజర్‌కు చెప్పి లైన్లో పెట్టించాను."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ 'ఎత్తుకుపోయేవాడు' అన్న మాటలో దొంగతనం వాసన ఉంది. 'లైన్లో పెట్టించాను' అన్నప్పుడు ఇన్‌చార్జ్‌గా ఆయన స్వయంగా చేసిందేమీ కనిపించడం లేదు, పై అధికారి చేసిందే కనిపిస్తోంది.

"ఆయన అంత తొందర ఎందుకు పడ్డారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "సాయంత్రం ఆరున్నరకు బండి కదలాలి మేడమ్. కదలకపోతే ఆయన్ని నిలదీస్తారు" అన్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న జవాబులో ఆ ఆరున్నర లేదు. గొడవకు కారణమంతా అందులోనే ఉంది. ఒకరిని బండి బయలుదేరిన టైముతో కొలుస్తారు, ఇంకొకరిని కంప్యూటర్ లెక్కకూ ర్యాక్ మీది సరుక్కూ ఉన్న తేడాతో కొలుస్తారు. సరుకు సాయంత్రం ఐదుకు దిగితే ఈ రెండూ ఢీకొనక తప్పదు.

ఇంకో ఇబ్బంది ఆయన ఫౌజు అలవాటు నుంచి వచ్చింది. నింద వద్దని చెప్పగానే ప్రతి వాక్యం 'మేం చేశాం', 'అందరం కలిసి సర్దుకున్నాం' అయిపోయింది. దళంగా బతికినవాళ్లకు 'నేను' అనడం గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. ఆ బిడియం మీద నాకు గౌరవం ఉంది. అయినా యాక్షన్ భాగంలో 'మేం' అంటే, ముందుగా వెళ్లి మాట్లాడింది ఎవరో, ఉపాయం ఎవరిదో ప్యానెల్‌కు తెలియదు. అవతలి మనిషిని తప్పుపట్టకుండా ఉండటం వేరు, తాను చేసిన పని దాచుకోవడం వేరు. 'తప్పంతా నాదే సార్' అని మీద వేసుకోవడమూ ఇలాంటిదే. అదీ నిందే, కాకపోతే తన మీద.

రెండు సాయంత్రాలు కూర్చున్నాక ఆయన జవాబు ఇలా తయారైంది. ఆయన మాటల్లోనే రాస్తున్నాను:

"దసరా ముందు రోజుల్లో ఒక శుక్రవారం సాయంత్రం ఐదింటికి మాకు లోడ్ వచ్చింది. లెక్కపెట్టి ఎంట్రీ చేశాకే సరుకు వదలాలి, స్టాక్‌లో తేడా వస్తే నాది బాధ్యత. డిస్పాచ్ సూపర్‌వైజర్‌గారు ఆరున్నరకు బండి పంపాలి, ఆలస్యమైతే ఆయనది బాధ్యత. ఎంట్రీ కాకముందే నలభై డబ్బాలు బండెక్కాయి. మర్నాడు లెక్కలో నలభై తక్కువ వచ్చింది. హమాలీల ముందే మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది. నేనూ గొంతు పెంచాను. ఆ మధ్యాహ్నం నేనే ఆయన దగ్గరికి వెళ్లి, సాయంత్రం బండికి తప్పనిసరిగా కావలసిన ఐటమ్స్ ఏవో అడిగాను. రోజూ అవి నాలుగైదు రకాలే ఉంటాయని తేలింది. ఆ రకాలు దిగగానే ముందు లెక్కపెట్టి, డిస్పాచ్ గేటు పక్కన వేరే గీత గీసి పెట్టిస్తానన్నాను. ఎంట్రీ ఆలస్యమైతే ఇద్దరం సంతకం పెట్టిన స్లిప్ మీద సరుకు వదిలి, ఆ రాత్రికే ఎంట్రీ పూర్తి చేస్తానన్నాను. స్లిప్ రాయడం అదనపు పని అని ఆయన అన్నారు. ఒక వారం చూద్దామని ఒప్పుకున్నారు. ఇద్దరం కలిసే మేనేజర్‌కు చెప్పాం. మొదటి వారంలో ఒకసారి స్లిప్ మర్చిపోయాం. తర్వాత నెలాఖరు లెక్కలో ఆ ఐటమ్స్‌కు తేడా రాలేదు, నా సరుకు కోసం బండి ఆగలేదు."

నెమ్మదిగా చెబితే రెండు నిమిషాలు పడుతుంది. మొదటి రెండు భాగాలు అర నిమిషంలో ముగిశాయి. సగానికి పైగా సమయం యాక్షన్‌కు దక్కింది. ప్రాక్టీస్‌లో నేను గడియారం పెట్టుకునేది ఇందుకే. నింద ఉన్న జవాబులో ఎప్పుడూ సిట్యుయేషనే పెరిగిపోతుంది. నిమిషం దాటినా పరిస్థితే వర్ణిస్తున్నారంటే, లోపల కోపం ఇంకా చల్లారలేదని అర్థం. అలాంటప్పుడు వేరే సంఘటన ఎంచుకోవడం మేలు.

'నలభై డబ్బాలు బండెక్కాయి' అన్నదాని మీద మాత్రం మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎవరు ఎక్కించారో చెప్పకపోతే దాచినట్టు కాదా అని ఆయన అడిగారు. దాచినట్టు కాదన్నాను. బండి ఎవరి బాధ్యతో ముందు వాక్యంలోనే ఉంది, ప్యానెల్‌కు అర్థమవుతుంది. ఒకవేళ "ఎవరు ఎక్కించారు?" అని నేరుగా అడిగితే "డిస్పాచ్‌వాళ్లు, బండి టైము అయిపోతోందని" అని సూటిగా చెప్పాలి. అడిగినా నీళ్లు నమిలితే నమ్మకం పోతుంది.

ఏ గొడవైనా ఈ అచ్చులో పోయవచ్చని అనుకోకూడదు. తోటి ఉద్యోగి డబ్బు తీశాడనుకోండి, ఒక ఆడపిల్లను వేధించాడనుకోండి, అక్కడ రెండు బాధ్యతలు ఢీకొనలేదు. ఒకరు తప్పు చేశారు. దాన్ని ఎవరి తప్పూ లేనట్టు చెబితే అన్యాయమవుతుంది. ఈ ప్రశ్నకు దాన్ని ఎంచుకోవద్దంటాను. ఫ్యాన్ వేగం మీద వచ్చిన చిన్న గొడవ కూడా పనికిరాదు, అందులో పరిష్కరించడానికి ఏమీ లేదు. ఇద్దరి దగ్గరా న్యాయమైన కారణం ఉండి, పని నిజంగా ఆగిన సంఘటన కావాలి.

కథ కల్పించి చెబుదామా అని అడిగేవాళ్లూ ఉన్నారు. స్టార్ జవాబు ముగిశాకే అసలు పరీక్ష మొదలవుతుంది. అప్పుడాయన ఏమన్నారు, మేనేజర్ ఏం అడిగారు, మళ్లీ అలా జరిగితే ఏం మారుస్తారు అని తవ్వుతారు. జరిగిన విషయమైతే జ్ఞాపకం నుంచి చిన్న చిన్న వివరాలు వస్తూనే ఉంటాయి. కల్పన రెండో ప్రశ్నకే ఎండిపోతుంది.

నింద పోయిందో లేదో తేల్చడానికి నేను చివర్లో ఒక ప్రశ్న అడుగుతాను. మా హవల్దార్‌గారినీ అడిగాను. "ఇదే సంగతి ఆ డిస్పాచ్ సూపర్‌వైజర్‌గారిని అడిగితే ఏం చెబుతారు?"

"బండి టైము సంగతి నేను ముందే ఆలోచించి ఉండాల్సిందంటారు మేడమ్. స్లిప్పులు ఇప్పటికీ దండగే అంటారు. కానీ నేను సెలవు పెట్టిన రోజు ఆయనే రాసి పెట్టేవారు."

ఈ మాట కూడా ఇంటర్వ్యూలో చెప్పమన్నాను.